n − 1తో ఎందుకు భాగిస్తాం? ఒక చేతిరాత పేజీని సరిచూస్తూ

పది సంఖ్యల సగటు కట్టాలంటే వాటి మొత్తాన్ని పదితో భాగిస్తాం. అదే పది సంఖ్యలు సగటు చుట్టూ ఎంతగా చెదిరి ఉన్నాయో కొలిచే వేరియన్స్ దగ్గరికి వచ్చేసరికి తొమ్మిదితో భాగించమంటారు. స్టాటిస్టిక్స్ చదివినవాళ్లలో చాలామంది ఇక్కడ ఒకసారి ఆగే ఉంటారు. ‘అది సూత్రం, గుర్తుపెట్టుకో’ అన్న మాటతో ముందుకు సాగిపోయినవాళ్లే వాళ్లలో ఎక్కువ. నిజానికి ఈ సూత్రానికి ఆరు వరుసల రుజువు ఉంది. ఇంటర్‌లో నేర్చుకున్న బీజగణితం చాలు, దాన్ని ఎవరైనా అనుసరించవచ్చు. అయితే ఆ ఆరు వరుసల్లో ఒక వరుస దగ్గర జారిపోవడం చాలా సులభం. జారినా చివరి జవాబు సరిగ్గానే ఉన్నట్టు కనిపించవచ్చు.

బీఎస్సీ రెండో ఏడాది చదువుతున్న మా బంధువులమ్మాయి పంపిన నోట్‌బుక్ పేజీ ఫోటోలో జరిగింది సరిగ్గా అదే. “బాబాయ్, ఆన్సర్ n − 1 అనే వచ్చింది. కానీ మధ్యలో ఏదో తేడాగా ఉంది, ఒకసారి చూడవా?” అని అడిగింది. ఆ పేజీనే ఆధారంగా తీసుకుని ఈ సంగతి చెప్పుకుందాం.

ముందు గుర్తుల గురించి. మనం తెలుసుకోదలచిన మొత్తం సముదాయాన్ని సమష్టి అంటారు. దాని అసలు సగటు μ, అసలు వేరియన్స్ σ². ఒక్కో విలువ μకు ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాల వర్గాలకు సగటు తీస్తే వచ్చేదే σ². ఈ రెండూ మామూలుగా మనకు తెలియవు. చేతిలో ఉండేది సమష్టి నుంచి తీసిన n విలువల శాంపిల్, దాని సగటు X̄ మాత్రమే. కాబట్టి μకు బదులు X̄ను పెట్టి దూరాలు కొలుస్తాం, వాటి వర్గాల మొత్తాన్ని దేనితోనో భాగించి σ²ను అంచనా వేస్తాం. ఆ ‘దేనితోనో’ అన్నది n కావాలా, n − 1 కావాలా అన్నదే ప్రశ్న.

n − 1తో భాగిస్తే వచ్చే అంచనా నిష్పాక్షికం అంటారు. అంటే తీసిన ప్రతి శాంపిల్‌లోనూ సరైన జవాబు వస్తుందని కాదు. ఒక శాంపిల్‌లో ఎక్కువ రావచ్చు, మరొక దానిలో తక్కువ రావచ్చు. సాధ్యమైన శాంపిల్స్ అన్నిటి మీదా ఆ అంచనాలకు సగటు తీస్తే మాత్రం అది కచ్చితంగా σ² అవుతుంది. ఇలా అన్ని శాంపిల్స్ మీదా తీసే సగటుకు E అనే గుర్తు వాడతారు. రుజువు చేయాల్సిందల్లా వర్గాల మొత్తపు E విలువ (n − 1)σ² అని. అది తేలితే n − 1తో భాగించగానే σ² మిగులుతుంది.

ఇక ఫోటో. చేతిరాత పేజీని సరిచూసేటప్పుడు గణితం కన్నా ముందు అక్షరాలను సరిచూడాలి. X మీద ఉండే అడ్డగీత పెన్సిల్‌తో గీస్తే ఫోటోలో మాయమవుతుంది. అప్పుడు శాంపిల్ సగటు కాస్తా ఒక మామూలు విలువ అయిపోతుంది. వర్గపు 2 బ్రాకెట్‌కు తగిలించి ఉందా, మొత్తం Σకు తగిలించి ఉందా అన్నది ఇంకా ముఖ్యం. వర్గాల మొత్తం వేరు, మొత్తానికి వర్గం వేరు. అందుకే నేను పేజీని వరుసవరుసగా వేరే కాగితం మీద తిరగరాసుకున్నాను. అనుమానం వచ్చినచోట ఫోన్ చేసి “ఇది X బారేనా అమ్మా?” అని అడిగి ఖాయం చేసుకున్నాను. ఆ అమ్మాయి రాసిన ఆరు వరుసలు ఇవి.

మొదటి వరుస: Xᵢ − X̄ = (Xᵢ − μ) − (X̄ − μ)

రెండో వరుస: Σ(Xᵢ − X̄)² = Σ(Xᵢ − μ)² − 2(X̄ − μ)Σ(Xᵢ − μ) + n(X̄ − μ)²

మూడో వరుస: Σ(Xᵢ − μ) = 0 కాబట్టి, Σ(Xᵢ − X̄)² = Σ(Xᵢ − μ)² − n(X̄ − μ)²

నాలుగో వరుస: E[Σ(Xᵢ − μ)²] = nσ²

ఐదో వరుస: E[n(X̄ − μ)²] = n · σ²/n = σ²

ఆరో వరుస: E[Σ(Xᵢ − X̄)²] = nσ² − σ² = (n − 1)σ²

మొదటి వరుసలో తప్పు లేదు. μను ఒకసారి తీసేసి మళ్లీ కలిపారు, అంతే. ఈ రుజువుకు ఆయువుపట్టు ఆ చిన్న ఎత్తే. మనకు తెలియని μను మధ్యలోకి తీసుకొస్తేనే తెలిసిన X̄కూ దానికీ మధ్య ఉన్న దూరం బయటపడుతుంది. రెండో వరుస (a − b)² విస్తరణ. మూడో పదంలో (X̄ − μ)² ప్రతి విలువకూ ఒకటే కాబట్టి n సార్లు కూడితే n రెట్లవుతుంది. ఇదీ సరైనదే.

చిక్కంతా మూడో వరుసలో ఉంది. ఫోటోను పెద్దది చేసి చూస్తే అక్కడున్న మైనస్ కింద ఒక ప్లస్ కనిపించింది. ముందు ప్లస్ రాసి, తర్వాత దాని మీద గట్టిగా మైనస్ దిద్దింది. ఎందుకో ఊహించడం కష్టం కాదు. మధ్య పదం సున్నా అనుకుంటే మిగిలేది + n(X̄ − μ)². అలాగే కిందికి వెళితే చివరికి (n + 1)σ² వస్తుంది. రావలసింది n − 1 అని ముందే తెలుసు కాబట్టి గుర్తు మార్చేసింది. ఇలాంటి దిద్దుబాటు పరీక్ష పేపర్లలో ఎంతో మామూలు. జవాబు తెలిసిన లెక్కలో గమ్యం నుంచి వెనక్కి నడవాలనిపిస్తుంది.

అసలు పొరపాటు ‘Σ(Xᵢ − μ) = 0’ అన్న వాక్యంలో ఉంది. సున్నా అయ్యేది Σ(Xᵢ − X̄). ఒక శాంపిల్‌లోని విలువలు తమ సొంత సగటుకు అటూ ఇటూ ఉన్న దూరాలను కూడితే సున్నా రావడం సగటు లక్షణం. సమష్టి సగటు μ నుంచి కొలిచినప్పుడు ఆ హామీ లేదు. తీసిన శాంపిల్‌లో ఎక్కువగా పెద్ద విలువలే పడ్డాయనుకోండి, μ నుంచి దూరాల మొత్తం సున్నా కాదు కదా, దాని దరిదాపుల్లో కూడా ఉండదు. నిజానికి Xᵢల మొత్తం nX̄ కాబట్టి Σ(Xᵢ − μ) = n(X̄ − μ). దీన్ని రెండో వరుసలో పెడితే మధ్య పదం −2n(X̄ − μ)² అవుతుంది. పక్కనున్న + n(X̄ − μ)²తో కలిస్తే − n(X̄ − μ)² మిగులుతుంది. మైనస్ వచ్చేది ఇక్కడినుంచి. దిద్ది రాసిన గుర్తు సరైనదే, దానికి చూపిన కారణం తప్పు.

ఇలాంటి చోట అనుమానం తీరాలంటే చిన్న సంఖ్యలు తీసుకుని వరుసను పరీక్షించడమే మేలు. ఒక డబ్బాలో మూడు చీటీలు ఉన్నాయనుకుందాం. వాటి మీద 2, 5, 8 అని రాసి ఉంది. ఇదే మన సమష్టి. సగటు μ = 5. దూరాలు −3, 0, 3. వాటి వర్గాలు 9, 0, 9. మొత్తం 18, దాన్ని మూడుతో భాగిస్తే σ² = 6. ఇది సమష్టి మొత్తం, సగటు కూడా దాని సొంత సగటే కాబట్టి ఇక్కడ మూడుతోనే భాగించాలి. n − 1 గొడవ శాంపిల్‌కే.

డబ్బాలోంచి ఒక చీటీ తీసి, చూసి, మళ్లీ వేసి, రెండోసారి తీశాం. 2, 5 వచ్చాయి. X̄ = 3.5. దాని నుంచి దూరాలు −1.5, 1.5. వర్గాల మొత్తం 4.5. ఇప్పుడు రెండో వరుస కుడివైపు చూడండి. Σ(Xᵢ − μ)² అంటే 9 + 0 = 9. X̄ − μ అంటే −1.5, Σ(Xᵢ − μ) అంటే −3. ఇది సున్నా కాదని ఇక్కడే తేలిపోయింది. మధ్య పదం −2 × (−1.5) × (−3) = −9. చివరి పదం 2 × 2.25 = 4.5. మొత్తం 9 − 9 + 4.5 = 4.5. రెండు వైపులా సరిపోయింది. మధ్య పదాన్ని సున్నా చేసి ప్లస్ ఉంచితే 13.5 వచ్చేది. ఒక్క శాంపిల్‌తో తప్పు వరుస ఎక్కడుందో దొరికింది.

నాలుగో వరుసకు పెద్దగా వివరణ అక్కర్లేదు. ఒక్కో (Xᵢ − μ)²కు E విలువ σ², అవి n ఉన్నాయి. ఐదో వరుస మాత్రం నిదానంగా చూడాలి. X̄ కూడా శాంపిల్ శాంపిల్‌కూ మారే రాశే. అది μ చుట్టూ ఎంత చెదురుతుందంటే σ²/n అని ఆ వరుస అంటోంది. ఎందుకు? X̄ − μ అంటే (Xᵢ − μ)ల మొత్తాన్ని nతో భాగించినది. దాన్ని వర్గం చేస్తే కింద n², పైన రెండు రకాల పదాలు వస్తాయి. ఒకే విలువ తనతో తాను గుణించుకున్నవి n ఉంటాయి, ఒక్కోదానికి E విలువ σ². ఒక విలువ మరోదానితో గుణించినవి మిగతావి. విలువలు ఒకదానికొకటి సంబంధం లేకుండా వచ్చి ఉంటే వీటి E విలువ సున్నా. అప్పుడు nσ²ను n²తో భాగిస్తే σ²/n. ‘సంబంధం లేకుండా’ అన్న షరతు ఆ అమ్మాయి పేజీలో ఎక్కడా రాయలేదు. పేజీకి నేను చేర్చిన రెండో దిద్దుబాటు ఇది. రుజువు మొత్తంలో ఆ షరతు పనిచేసేది ఈ ఒక్కచోటే. విలువలు గంట ఆకారపు నార్మల్ వక్రం నుంచే రావాలన్న నియమం మాత్రం ఎక్కడా లేదు. చాలామంది అది కూడా కావాలనుకుంటారు.

ఆరో వరుస తీసివేత. ఆ తీసివేతలో పోయిన ఒక్క σ² మన ప్రశ్నకు జవాబు. X̄ను ఆ శాంపిల్‌తోనే లెక్కగట్టాం కాబట్టి అది ఆ విలువల మధ్యకు వచ్చి కూర్చుంటుంది. దర్జీ ఒంటికి కొలిచి కుట్టిన చొక్కా ఆ ఒంటికి రెడీమేడ్ చొక్కా కన్నా దగ్గరగా ఉన్నట్టే, X̄ ఆ విలువలకు μ కన్నా ఎప్పుడూ దగ్గరగానే ఉంటుంది. మరీ అయితే సమానం, అంతకు మించి దూరం కాదు. అందుకే X̄ నుంచి కొలిచిన వర్గాల మొత్తం చిన్నదవుతుంది. ఎంత చిన్నది? సరిగ్గా n(X̄ − μ)² అంత. సగటున అది ఒక σ². n ఎంతైనా సరే, కొరత ఒక్క σ² మాత్రమే. రెండు విలువల శాంపిల్‌లో అది సగం, ఐదింటిలో అయిదో వంతు, వెయ్యింటిలో వెయ్యో వంతు.

‘స్వేచ్ఛా పరిమాణాలు n − 1 కాబట్టి n − 1తో భాగిస్తాం’ అని పుస్తకాల్లో ఒక వాక్యం ఉంటుంది. X̄ నుంచి దూరాల మొత్తం సున్నా కావాలి కాబట్టి n − 1 దూరాలు తెలిస్తే చివరిది దానంతటదే తెలిసిపోతుందని దాని భావం. మాట నిజమే. కానీ దూరాల్లో ఒకటి స్వేచ్ఛ కోల్పోయినంత మాత్రాన వర్గాల మొత్తం సగటున సరిగ్గా ఒక σ² తగ్గుతుందని ఎలా చెప్పగలం? ఆ లంకె వేసేవి నాలుగు, ఐదు వరుసలే. వాటిని చూపకుండా పేరు ఒక్కటే చెబితే విద్యార్థికి దక్కేది మరో కంఠస్థ వాక్యం.

డబ్బా దగ్గరికి మళ్లీ వెళదాం. రెండుసార్లు తీస్తే సాధ్యమైన జతలు తొమ్మిది. రెండూ ఒకే సంఖ్య అయిన జతలు మూడు, వాటి వర్గాల మొత్తం 0. తేడా 3 ఉన్న జతలు నాలుగు, ఒక్కోదానికి 4.5. తేడా 6 ఉన్నవి రెండు, ఒక్కోదానికి 18. అన్నీ కూడితే 18 + 36 = 54. తొమ్మిదితో భాగిస్తే 6. ఇక్కడ n − 1 అంటే ఒకటే కాబట్టి అంచనాల సగటు 6, అదే అసలు σ². రెండుతో భాగించి ఉంటే 3 వచ్చేది, అసలు విలువలో సగం. రుజువును చేతితో లెక్కించి చూసుకోవడానికి ఇంతకన్నా చిన్న ఉదాహరణ అక్కర్లేదు. కంప్యూటర్ మీద చూడాలనుకునేవాళ్లకు పైథాన్‌లో ఇలా:

```python
from itertools import product
from statistics import variance, pvariance

p = [2, 5, 8]
s = list(product(p, repeat=2))
print(pvariance(p))
print(sum(variance(x) for x in s) / len(s))
print(sum(pvariance(x) for x in s) / len(s))
```

వరుసగా 6, 6.0, 3.0 వస్తాయి. `variance` n − 1తో భాగిస్తుంది, `pvariance` nతో.

ఇదే డబ్బాతో షరతు తప్పితే ఏమవుతుందో కూడా చూడవచ్చు. మొదటి చీటీని తిరిగి వేయకుండా రెండోది తీశామనుకోండి. ఇప్పుడు ఒకే సంఖ్య రెండుసార్లు రాదు. మిగిలే జతలు ఆరు, వర్గాల మొత్తాలు కూడితే అదే 54. ఆరుతో భాగిస్తే 9. n − 1తో భాగించినా 6 రాలేదు, ఎక్కువ వచ్చింది. మొదటి చీటీ రెండోదాన్ని ప్రభావితం చేసింది, ఐదో వరుస కూలిపోయింది. లక్ష చీటీల డబ్బాలోంచి రెండు తీస్తే ఈ తేడా లెక్కలోకి రాదు. మూడు చీటీల డబ్బాలో మాత్రం బాగా కనిపిస్తుంది. దీనికి వ్యతిరేకంగా, ఒకే థర్మామీటర్‌ను నిమిషానికోసారి చూసి రాసుకున్న ఉష్ణోగ్రతల్లాంటివి ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. వాటి చెదురు అసలు కన్నా తక్కువగా కనిపిస్తుంది, n − 1 ఆ లోటును పూడ్చలేదు.

ఈ సవరణను జర్మన్ ఖగోళ శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిష్ బెస్సెల్ పేరుతో పిలుస్తారు. కొలతల్లో దొర్లే దోషాల మీద 1820లలో రాసిన గ్రంథంలో గౌస్ కూడా, తెలియని రాశులు ఎన్నుంటే అన్నిటిని n నుంచి తీసేసి భాగించాలన్న సాధారణ సూత్రాన్ని చూపాడు. మనం తీసేసిన ఒకటి ఆ సూత్రంలో ఒక సందర్భం. ఇక్కడ తెలియని రాశి ఒక్క μ కదా. డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కర్మాగారంలో పనిచేసిన గాసెట్ 1908లో ‘స్టూడెంట్’ అన్న మారుపేరుతో రాసిన వ్యాసం చిన్న శాంపిల్స్ గురించే. శాంపిల్ నాలుగైదు విలువలకు మించనప్పుడే ఈ ఒకటి బరువు తెలిసేది.

నిష్పాక్షికత ఒక మంచి గుణమే, కానీ అదొక్కటే చాలదు. వేరియన్స్‌కు వర్గమూలం తీసి ప్రామాణిక విచలనం అంటాం. S² నిష్పాక్షికమైనా S కాదు. మన తొమ్మిది జతల్లో S విలువలు 0, 2.12, 4.24. వాటి సగటు సుమారు 1.89, అసలు σ మాత్రం 2.45. వర్గమూలం తీయగానే పక్షపాతం తిరిగి వచ్చింది. అలాగే నార్మల్ సమష్టి విషయంలో అంచనా అసలు విలువకు సగటున ఎంత దూరం పోతుందో వర్గాల్లో కొలిస్తే, n + 1తో భాగించినప్పుడే ఆ దూరం అతి తక్కువ. అలా వచ్చిన అంచనా నిష్పాక్షికం కాదు. ఏ గుణం కావాలో ముందు నిర్ణయించుకున్నాకే హారం తేలుతుంది. నిష్పాక్షికమైన అంచనా ఎంతవరకు కచ్చితంగా ఉండగలదో, దానికి దిగువ హద్దు ఎక్కడో 1945లో కలకత్తా మేథమేటికల్ సొసైటీ బులెటిన్‌లో చూపినవారు తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు దాటలేదు.

ఇక శాంపిల్‌లో ఒక్కటే విలువ ఉంటే? n − 1 సున్నా అవుతుంది, భాగహారం కుదరదు. కుదరకపోవడమే సరైనది. ఒక్క విలువను చూసి సమష్టి ఎంత చెదిరి ఉందో ఎవరూ చెప్పలేరు. nతో భాగించే సూత్రం మాత్రం అక్కడ సున్నా అని జవాబిస్తుంది, చెదురే లేదన్నట్టు.

ఆ పేజీలో మార్చాల్సింది మూడో వరుసలోని కారణం, చేర్చాల్సింది ఐదో వరుసలోని షరతు. మిగతా నాలుగు వరుసలూ అలాగే ఉంచవచ్చు. డేటాతో పనిచేసే పాఠకులకు ఒక మాట. ఎక్సెల్‌లో `VAR.S` n − 1తో, `VAR.P` nతో భాగిస్తాయి. R భాషలోని `var`, పాండాస్‌లోని `var` n − 1 వాడతాయి. నమ్‌పైలోని `np.var` మాత్రం మీరు `ddof=1` అని రాస్తే తప్ప nతోనే భాగిస్తుంది. ఒకే పట్టికకు రెండు చోట్ల రెండు వేరియన్స్‌లు వస్తే డేటాను అనుమానించే ముందు చిన్నదాన్ని పెద్దదానితో భాగించి చూడండి. (n − 1)/n వస్తే తేడా హారంలోనే ఉంది.